హాజరుపట్టీలో కనిపించే ఇల్లు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మసీదు కమిటీల సభ్యుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈనాటి విషయం చెప్పినప్పుడు కమిటీలోని ఒక పెద్దమనిషి మమ్మల్ని పక్కకు పిలిచి, "మన సమావేశంలో ఈ మాట ఎందుకు సాబ్, బయటివాళ్లు వింటే ఏమనుకుంటారు" అన్నారు. ఆయన మాటలో చెడు ఉద్దేశం లేదు. మద్యం మనకు హరాం. హరాం కనుక మన ఇండ్లలో అది లేదని పైకి అనుకుంటాము. ఉన్న ఇంటివారు దానిని దాచుకుంటారు. పొరుగు వీధిలో తాగే తండ్రి ఉన్న పిల్లవాడు కనీసం తోటి పిల్లలతో "మా నాయన తాగొచ్చినాడు" అని అనగలడు. మన పిల్లవాడు ఆ మాట అంటే తండ్రిని తాగుబోతు అన్నట్టే కాక, పాపి అని సాక్ష్యం చెప్పినట్టు కూడా అవుతుంది. అందువలన వాడు నోరు మూసుకుంటాడు. మేము ఈరోజు మాట్లాడదలచినది ఆ మూసుకున్న నోటిని గురించి. తండ్రిని గురించి కాదు, మద్యం దుకాణాలను గురించి కాదు.

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు కేంద్ర ప్రభుత్వం తరఫున జరిపిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారనీ, వారిలో సుమారు 2.9 కోట్ల మంది దానికి పూర్తిగా బానిసలైనవారనీ ఆ సర్వే చెప్పింది. అంటే తాగే ప్రతి ఆరుగురిలో ఇంచుమించు ఒకరు. ఆ ఒక్కరి ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో ఆ లెక్కలో లేదు.

మేము ఉద్యోగజీవితమంతా రిజిస్టర్ల మధ్య గడిపినవాళ్లము. సెలవు చీటీలు, హాజరుపట్టీలు, ఎర్ర సిరా గుర్తులు మాకు అలవాటైన విషయాలు. అందుకే ఒక పాఠశాలలో పేద విద్యార్థుల పుస్తకాల సాయం విషయమై వెళ్ళినప్పుడు, ఏడవ తరగతి హాజరుపట్టీ మా చేతికి వస్తే అలవాటు కొద్దీ అడ్డంగా కాక నిలువుగా చదివాము. అడ్డంగా చదివితే ఒక విద్యార్థి ఎన్ని రోజులు రాలేదో తెలుస్తుంది. నిలువుగా చదివితే ఏ రోజున రాలేదో తెలుస్తుంది. ఒక అబ్బాయి పేరు ఎదుట జూన్ నుండి సెప్టెంబరు దాకా 17 గైర్హాజరులు ఉన్నాయి. వాటిలో 11 సోమవారాలు. మిగిలిన ఆరింటిలో రెండు పండుగ మరునాళ్లు.

జ్వరానికి సోమవారం, గురువారం అన్న తేడా తెలియదు. బద్ధకం ఉన్న పిల్లవాడు కూడా అంత కచ్చితంగా సోమవారాన్నే ఎంచుకోడు. శనివారం కూలి డబ్బు చేతికి వచ్చే ఇంటిలో, ఆదివారమంతా తాగుడు సాగితే, సోమవారం ఉదయం ఆ ఇల్లు లేవదు. ఇంత చిన్న విషయం తరగతి ఉపాధ్యాయునికి ఎందుకు తోచలేదని మీరు అడగవచ్చు. ఆయన దగ్గర 46 మంది పిల్లలున్నారు. నెలాఖరున మొత్తం కూడి శాతం వేసి పైకి పంపడమే ఆయనకు చెప్పిన పని. శాతంలో సోమవారాలు కనిపించవు.

ఆ ఇంటి సంగతి మీకు చెబుతాము. ఊరు చెప్పము. తండ్రి వృత్తి మార్చి చెబుతున్నాము. ఈ మూడు ఊళ్లలో ఏదైనా కావచ్చును.

తండ్రి బెంగళూరులో పెయింటింగ్ పనికి పోతాడు. వారమంతా అక్కడే ఉండి శనివారం రాత్రి రైలుకో బస్సుకో వస్తాడు. మంచి పనివాడు. తాగనప్పుడు పిల్లలను భుజాన ఎక్కించుకొని తిప్పే మనిషి. ఇంట్లో తల్లి, తొమ్మిదవ తరగతి చదివే కూతురు, ఏడవ తరగతి కొడుకు, ఇంకా బడికి పోని చిన్నపిల్ల. శనివారం ఇషా నమాజు తరువాత ఆ కొడుకు చేసే పనులు మేము విన్నవి విన్నట్టు చెబుతాము. సందు మొగదల నిలబడతాడు. ఆటో చప్పుడు వినగానే తండ్రి దిగే తీరు చూస్తాడు. తండ్రి డబ్బు ఇచ్చి చిల్లర లెక్కపెట్టుకుంటే ఆ రాత్రి మంచిది. చిల్లర తీసుకోకుండా నడిస్తే పరుగున వచ్చి అక్కకు చెబుతాడు. అక్క చిన్నపిల్లను వెనుకగదిలో పడుకోబెట్టి తలుపు వేస్తుంది. వాడు తల్లి దగ్గరి డబ్బు బియ్యపు డబ్బాలో దాచి, తండ్రి చెప్పులు విప్పి, అన్నం పెట్టి, ఆయన మాటలకు అవునవునని చెప్పి, ఆయన నిద్రపోయేదాకా మేలుకొని ఉంటాడు. అప్పుడు వాడి వయస్సు పన్నెండు సంవత్సరాలు.

అలా రెండు రాత్రులు కాపలా కాసినవాడు సోమవారం బడికి వస్తే మొదటి గంటలోనే నిద్రపోతాడు. నిద్రపోతే దెబ్బలు పడతాయి, లేదా వెటకారం వినాలి. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ విభాగం ప్రకారం బడిలో కొట్టడమే కాదు, మనసు గాయపడేలా మాట్లాడటం కూడా నిషేధమే. కాని ఆ ఉపాధ్యాయుడు దుర్మార్గుడు కాదు. ఆయన అన్నది మనమంతా అనే మాటే: "రేపు మీ నాయనను పిలుచుకొని రా." ఆ పిల్లవాడు ప్రపంచంలో అన్నిటికంటె భయపడేది సరిగ్గా ఆ మాటకే. అందుకే మరునాడు కూడా రాలేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా బడులలో తల్లిదండ్రులతో మెగా సమావేశాలు జరిగాయి. మంచి కార్యక్రమమే. ఆ అబ్బాయి మాత్రం ఇంట్లో తేదీ తప్పు చెప్పాడు. ఆ రోజు శనివారం. తండ్రి ఆ పూట ఇంటికి ఎలా వస్తాడో, వచ్చినవాడు ఏ స్థితిలో బడికి వస్తాడో వాడికి భయం. అందరి తల్లిదండ్రులు వచ్చిన రోజున వాడి తరఫున ఎవ్వరూ రాలేదు. "వీళ్ల ఇంట్లో చదువు మీద శ్రద్ధ లేదు" అని ఒకరు అన్నారు. వాడు విన్నాడు. అబద్ధం చెప్పి తండ్రి పరువు కాపాడినవాడికి దక్కినది ఆ మాట.

ఇక అక్క సంగతి. ఆమె పేరు ఎదుట ఒక్క గైర్హాజరు లేదు. తరగతిలో మొదటి ర్యాంకు. ఉపాధ్యాయులు ఆమెను చూపించి తమ్ముణ్ణి మందలించేవారు. మాకు కూడా మొదట ఆమె గురించి బెంగ కలగలేదు. చాలాకాలం తరువాత, ఆమె నెలకు నాలుగైదుసార్లు తలనొప్పి మాత్ర అడుగుతుందని లెక్కల టీచరమ్మ చెప్పారు. ఆ టీచరమ్మతోనే ఒకనాడు ఆ అమ్మాయి, "నాకు పదిలో మంచి మార్కులు వస్తే అబ్బా సంతోషించి మానేస్తారు టీచర్" అన్నదట. ఆ వాక్యాన్ని కాస్త నిదానంగా వినండి. తండ్రి తాగుడు ఆపే పని తన మార్కుల మీద ఉన్నదని ఆ పిల్ల నమ్ముతున్నది. తొంభై వస్తే, ఆపలేదు కనుక తొంభై అయిదు రావాలి. ఈ పరీక్షకు ఉత్తీర్ణత లేదు.

ఇటువంటి ఇండ్లలోని పిల్లలను గమనించినవారు ఒక సంగతి చాలాకాలంగా చెబుతున్నారు. ఒకే ఇంటిలో ఒకరు అతిబాధ్యత గలవారవుతారు, ఒకరు గొడవపడేవారవుతారు, ఒకరు ఎవరికీ కనబడకుండా మూల చేరతారు, ఒకరు అందరినీ నవ్విస్తూ తిరుగుతారు. గొడవపడేవాడిని బడి శిక్షిస్తుంది, కనీసం చూస్తుంది. మూల చేరినదానిని "నెమ్మదస్తురాలు" అంటుంది, మొదటి ర్యాంకుదానికి బహుమతి ఇస్తుంది. వాళ్ల బరువు ఎవరికీ తెలియదు. మీ తరగతిలో అకారణంగా మంచిగా ఉండే పిల్లను కూడా ఒకసారి చూడండని ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాము.

పిల్లల మనసులో ఉన్నది తెలుసుకోవాలంటే ముందు మనకు ఒక విషయం అర్థం కావాలి. తాగడం మొదలుపెట్టినప్పుడు అది మనిషి చేసిన పని. బానిస అయిన తరువాత అది జబ్బు కూడా. ఇంత మాత్రమే తాగుతానని కూర్చుని ఆపలేకపోవడం, అదే మత్తుకు నానాటికీ ఎక్కువ కావలసి రావడం, తాగనిపూట చేతులు వణకడం, పని, ఇల్లు, ఆరోగ్యం పాడవుతున్నాయని తెలిసి కూడా వదలలేకపోవడం, ఇవి వైద్యులు చూసే గుర్తులు. దీనిని జబ్బు అన్నంత మాత్రాన పాపం కాకుండా పోతుందా అని ఒక యువకుడు పుంగనూరులో అడిగాడు. పోదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చును. మద్యం విషయమై బఖరా, నిసా, మాయిదా సూరాలలో ఆదేశాలు దశలవారీగా వచ్చాయని మన ఉలమా చెబుతారు. అలవాటుపడిన సమాజానికి అల్లాహ్ ఇచ్చిన ఆ వ్యవధిని మనం గుర్తుంచుకుంటే, జబ్బుపడిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవడం పాపాన్ని సమర్థించడం కాదని అర్థమవుతుంది.

ఇది పిల్లలకు ఎందుకు ముఖ్యమంటే, జబ్బు అని తెలియని పిల్లవాడు మాట తప్పడాన్ని ప్రేమ లేకపోవడంగా లెక్కవేస్తాడు. మన ఇండ్లలో ఒక అలవాటు ఉన్నది. పెద్దలు కూర్చుని, ఆ తండ్రిచేత "బిడ్డ తల మీద చేయి పెట్టి ఒట్టు వేయి" అంటారు. ఆయన ఏడుస్తూ వేస్తాడు. అబద్ధంగా వేయడు, నిజంగానే వేస్తాడు. నాలుగో రోజున ఒళ్లు వణికి దుకాణానికి పోతాడు. పెద్దలకు అది ఒక మాట తప్పడం. ఎవరి తల మీద చేయి పెట్టారో ఆ పిల్లవాడికి మాత్రం, ఇక నేను చనిపోతాను అని అర్థం. ఆ అబ్బాయి రాత్రిపూట నిద్రపోకపోవడానికి కాపలా ఒక్కటే కారణం కాదని, ఈ ఒట్టు కూడా కారణమని మాకు ఆరు నెలలకు తెలిసింది. మసీదు కమిటీలవారిని మేము మొట్టమొదట కోరేది ఇది: పంచాయితీలలో పిల్లల తల మీద ఒట్లు వేయించకండి. పిల్లలను ఆ గదిలోనే ఉంచకండి.

మరో సంగతి కూడా చెప్పాలి. మక్తబ్‌లో తాగేవారికి పడే శిక్షలను గురించి ఉస్తాద్ చెబుతున్నప్పుడు, ఎదుట కూర్చున్న ఒక చిన్నవాడు తన తండ్రిని ఊహించుకుంటున్నాడు. మా అబ్బా నమాజు చెల్లుతుందా, ఆయన తెచ్చిన అన్నం తినవచ్చునా, నేను దువా చేయనందువల్లనే ఆయన మానలేదా అన్న ప్రశ్నలు వాడికి కలుగుతాయి. అడగలేడు. ఒక ఇమాము సాహెబ్‌కు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, ఇకమీదట ఆ పాఠం చెప్పినరోజున, ఒకరి తప్పు భారం ఇంకొకరు మోయరని, తండ్రి తప్పుకు బిడ్డ జవాబుదారీ కాదని కూడా తప్పక చెబుతానన్నారు. చెబుతున్నారు కూడా.

ఇప్పుడు రంజాన్ మాట. మా అనుభవంలో ఇటువంటి ఇండ్ల పిల్లలు ఏడాదిలో అన్నిటికంటె ఆశపడేది ఈ నెలకే. తాగే తండ్రులలో చాలామంది నెలవంక కనబడగానే ఒక్కసారిగా ఆపుతారు. ఆ సంకల్పాన్ని మేము గౌరవిస్తాము. కాని ప్రతిరోజూ, పొద్దున నుండే తాగే మనిషి ఒక్కసారిగా ఆపినప్పుడు శరీరంలో ఏమవుతుందో ఇంటివారికి తెలిసి ఉండాలి. చివరిసారి తాగిన ఆరేడు గంటల నుండి చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చెదరి, లేనివి కనబడి, ఎక్కడ ఉన్నారో తెలియని స్థితి వస్తుంది. ఆ స్థితిలో చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చును. మొదటి రోజాలలో "షైతాన్ పట్టింది" అని ఊదించడానికి తీసుకుపోయిన ఒక మనిషిని మేమే చూశాము. అది జిన్ను కాదు, మద్యం ఆపిన శరీరం. ఆ రాత్రి ఆయనను పట్టుకొని కూర్చున్నది ఆయన పెద్దకొడుకు, ఎనిమిదవ తరగతి.

కాబట్టి అటువంటి మనిషి రంజాన్‌లో మానాలనుకుంటే, నెల మొదలు కావడానికి రెండు వారాల ముందే డాక్టరును చూడాలి. వణుకు, ఫిట్స్ రాకుండా వారం పది రోజులు తగ్గిస్తూ ఇచ్చే మందులున్నాయి. వాటితోపాటు బి1 విటమిన్ ఇస్తారు, అది మెదడును కాపాడుతుంది. ఆ రోజులలో రోజా ఉండవచ్చునా అన్నది డాక్టరు, ఆలిము ఇద్దరినీ అడిగి తెలుసుకోవాలి. రోగికి తరువాత పూర్తిచేసుకునే సడలింపు మన ధర్మంలోనే ఉన్నది. కుప్పం వారికి పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఊరిలోనే ఉన్నది. మదనపల్లె వారు ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవచ్చును. పుంగనూరు నుండి తిరుపతి రుయా ఆసుపత్రికి పోవచ్చును. కష్టమైన కేసులకు బెంగళూరు నిమ్హాన్స్ మనకు దూరం కాదు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కు గానీ, మానసిక సమస్యలకు పెట్టిన టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చును.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. "తాగుడు మాన్పించే పొడి" అని తెచ్చి, తండ్రికి తెలియకుండా టీలో కలపమని పిల్లల చేతికి ఇస్తున్న ఇండ్లున్నాయి. అటువంటి పొడులలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చును. డాక్టరు పర్యవేక్షణలో, రోగి సమ్మతితో వాడవలసిన మందు అది. తెలియక దాని మీద తాగితే రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలవచ్చును. అప్పుడు ఆ టీ కలిపిన పిల్ల జన్మంతా ఏమనుకుంటుందో ఆలోచించండి.

ఇక పండుగ. నెలరోజులు తండ్రి తాగలేదు. తరావీహ్‌కు కొడుకును వెంట తీసుకుపోయాడు. కొత్త బట్టలు వచ్చాయి. ఈద్ నాటి సాయంత్రం స్నేహితులు పిలిచారు. పండుగ మరునాటి గైర్హాజరులు హాజరుపట్టీలో ఎందుకుంటాయో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఎప్పుడూ తాగే తండ్రి కంటె, నెలరోజులు మంచిగా ఉండి మళ్లీ మొదలుపెట్టే తండ్రి పిల్లవాడిని ఎక్కువ విరిచివేస్తాడు. జబ్బు తిరగబెట్టడం ఈ రోగంలో సాధారణమని, అది ఎవరి దువా లోపమూ కాదని ముందుగా చెప్పినవారు ఉంటే ఆ విరుపు కొంత తగ్గుతుంది.

చెప్పవలసినవారు ఎవరు? ఇక్కడే బడి వస్తుంది. హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు దశాబ్దాలపాటు గమనించారు. తాగుడు, పేదరికం వంటి కష్టాలున్న ఇండ్లలో పెరిగి కూడా నిలదొక్కుకున్న పిల్లలకు, తల్లిదండ్రులే కానక్కరలేదు, నమ్మదగిన ఒక పెద్దమనిషి తోడు ఉండటం కనబడిందని ఆమె రాశారు. అవ్వ, తాత, పొరుగువారు, టీచరు ఎవరైనా కావచ్చును. అంతమంది మధ్య ఒక్కరు చాలునన్నది మాకు ధైర్యాన్నిచ్చింది, ఎందుకంటే మావద్ద ఉన్నది కూడా ఒక్కరే. ఆ లెక్కల టీచరమ్మ.

ఆమె ఏమి చేశారో క్రమంగా చెబుతాము. అబ్బాయిని తరగతిలో లేపి అడగలేదు. హెడ్మాస్టరు గదికి పిలవలేదు, ఆ గదికి పిలిస్తే తోటి పిల్లలు కారణం అడుగుతారు. మధ్యాహ్న భోజనం తరువాత నోటుపుస్తకాలు స్టాఫ్ రూముకు మోయమని చెప్పి, వరండాలో నడుస్తూ మాట్లాడారు. "మీ నాయన తాగుతాడా" అని అడగలేదు. "సోమవారాలు నీకు కష్టంగా ఉంటాయి కదా" అన్నారు. వాడు ఏమీ చెప్పలేదు. "చెప్పకపోయినా ఫరవాలేదు" అని ఆమె పుస్తకాలు తీసుకున్నారు. మూడు వారాలు అలాగే గడిచాయి. నాలుగో వారం వాడే చెప్పాడు.

అప్పుడు ఆమె చెప్పిన మాటలు మూడు. ఇది నీ వల్ల వచ్చింది కాదు. దీనిని ఆపడం నీ పని కాదు. దీనికి మందు ఉన్నది, అది ఇప్పించడం పెద్దవాళ్ల పని. అమెరికాలో తాగే తల్లిదండ్రుల పిల్లలు ఒకరికొకరు తోడుగా ఉండటానికి 1957లోనే అలాటీన్ అనే బృందాలు ఏర్పడ్డాయి. అక్కడి పిల్లలు కూడా నేర్చుకునేది ఇటువంటి మాటలే. మరొకటి కూడా ఆమె చెప్పారు, అది చాలా అవసరం: "ఎవరికీ చెప్పనని నేను మాట ఇవ్వను. నీకు గానీ చెల్లికి గానీ దెబ్బలు తగిలే పరిస్థితి ఉంటే నేను చెప్పవలసినవాళ్లకు చెబుతాను. మిగిలినది నా దగ్గరే ఉంటుంది." ముందుగా రహస్యమని మాట ఇచ్చి తరువాత తప్పితే, ఆ పిల్లవాడి జీవితంలో మాట తప్పిన పెద్దవాళ్లు ఇద్దరవుతారు.

తరువాత జరిగినవి చిన్న చిన్న ఏర్పాట్లు. సోమవారం పరీక్షలు ఆ తరగతికి బుధవారానికి మార్చారు, ఏ కారణమూ చెప్పకుండా అందరికీ మార్చారు. హోంవర్క్ బడి వదిలాక నలభై నిమిషాలు అక్కడే చేసుకొని పోయే వీలు కల్పించారు. ఆలస్యంగా వచ్చినా గేటు దగ్గర నిలబెట్టవద్దని చెప్పారు. "మీ నాయనను పిలుచుకొని రా" అనే మాట మానిపించారు, బడి రికార్డులో తల్లి ఫోను, మేనమామ ఫోను రాయించారు. 2025 జులైలో జరిగిన మెగా సమావేశానికి వాడి అమ్మీ, మామూ వచ్చారు. ఆనాడు వాడు తేదీ సరిగానే చెప్పాడు.

శనివారం రాత్రి విషయమై తల్లితో మాట్లాడినది మా బృందంలోని స్త్రీలు. రెండిండ్ల అవతల ఉన్న ఖాలా ఇంటి తలుపు ఆ రాత్రి గడియ వేయకుండా ఉంటుంది. చిల్లర లెక్కపెట్టుకోకుండా నడిచిన రాత్రి, పిల్లలు ముగ్గురూ బడిసంచులతో సహా అక్కడికి పోతారు. సంచులు ఎందుకంటే సోమవారం అక్కడి నుండే బడికి పోవచ్చును. తల్లి మీద చేయి పడితే 112కు, పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేయాలని పెద్దమ్మాయికి కంఠస్థం చేయించారు. తల్లికి వందనం కింద వచ్చిన సొమ్ము పిల్లకు 13,000 రూపాయలు. తండ్రికి తెలిసిన రహస్య సంఖ్యతో ఉన్న ఏటీఎం కార్డు తల్లి బ్యాంకులో ఇచ్చివేసి, ఆ సంఖ్య మార్పించుకున్నారు. ఇది అతి చిన్న పని. దీనికి మా ఆఫీసు అనుభవం కాస్త ఉపయోగపడింది.

ఒక విషయంలో మేము గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. కర్ణాటక నుండి తెచ్చిన టెట్రా ప్యాకెట్లు ఒకసారి ఆ అబ్బాయి బడిసంచిలో దొరికాయి. తండ్రి దాచమని పెట్టాడు. బడిలో గొడవ అయింది, వాడిని పంపివేయాలన్నారు. బాల న్యాయ చట్టం 2015లోని 78వ విభాగం పిల్లలచేత మద్యం మోయించడాన్ని, సరఫరా చేయించడాన్ని నేరంగా చెబుతుంది. ఏడేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. నేరం మోయించినవారిది, మోసిన పిల్లవాడిది కాదు. ఈ మాట హెడ్మాస్టరుకు చెప్పినప్పుడు ఆయన వెనక్కు తగ్గారు. తండ్రికి కూడా అదే మాట మేనమామ చేత చెప్పించాము. "తెచ్చిపెట్టు నాన్నా" అని బిడ్డను దుకాణానికి పంపేవారు ఈ సభలో ఎవరైనా ఉంటే దయచేసి గుర్తుంచుకోండి.

బడికి పరిమితులున్నాయి. టీచరు డాక్టరు కాదు. ఆమె తండ్రిని మాన్పించబోతే పిల్లవాడి నమ్మకం పోతుంది, బహుశా ఆమె మీదికి కూడా గొడవ వస్తుంది. మైనారిటీ గురుకులంలో వేస్తే సరిపోతుందని కొందరు అంటారు. కొందరికి అది నిజంగా మేలు చేసింది. కాని ఈ అబ్బాయి ఒప్పుకోలేదు. "నేను పోతే అమ్మీని ఎవరు చూస్తారు" అన్నాడు. బలవంతం చేసి ఉంటే వాడు వారంలోపే పారిపోయి వచ్చేవాడు. మసీదు మేడ మీద గదిలో మగ్రిబ్ నుండి ఇషా దాకా లైటు, ఫ్యాను, నేల మీద చాపలు వేసి, చదువుకునే పిల్లలందరికీ తెరిచి ఉంచమని అడిగాము. తాగే తండ్రుల పిల్లలకని పేరు పెట్టలేదు. పేరు పెడితే ఎవ్వరూ రారు. ఇప్పుడు పద్దెనిమిది మంది వస్తున్నారు, ఎవరు ఎందుకు వస్తున్నారో మేము అడగము. ఆడపిల్లలకు అటువంటి చోటు ఇంకా దొరకలేదు, ఇది మా లోపమే.

తండ్రి సంగతి అడుగుతారు కనుక చెబుతాము. రెండుసార్లు ఆసుపత్రిలో చేరాడు. మొదటిసారి బయటికి వచ్చిన నలభై రోజులకు మళ్లీ మొదలుపెట్టాడు. రెండవసారి తరువాత ఇప్పటికి అయిదు నెలలయింది. బెంగళూరు పని మానుకొని ఊరిలోనే చేస్తున్నాడు, కూలి తక్కువ. వాళ్లింట్లో ఎవరూ ఇంకా పండుగ చేసుకోలేదు, చేసుకోవద్దని మేమే చెప్పాము.

ఈ ఏడాది అబ్బాయి హాజరుపట్టీ మళ్లీ నిలువుగా చదివాము. జూన్ నుండి సెప్టెంబరు దాకా గైర్హాజరులు ఆరు, వాటిలో సోమవారాలు రెండు. అక్క పేరు ఎదుట నిరుటి లాగానే ఒక్కటీ లేదు. పదవ తరగతికి వచ్చింది. తలనొప్పి మాత్రలు ఇంకా అడుగుతున్నదని టీచరమ్మ చెప్పారు. ఆ అమ్మాయితో నోటుపుస్తకాలు మోయించే పని ఈ వారమే మొదలుపెట్టారు. ఇంకా ఏమీ చెప్పలేదట.